భుజం ఎక్స్‌రే నార్మల్, అయినా చెయ్యి పైకి పోదు: వీపుకీ చేతికీ లంకె ఏంటి?

"నాకు 43. ప్రొద్దుటూరులో బంగారు పని, 20 ఏళ్లుగా పీట ముందు వంగి కూర్చునే ఉంటా. ఏడాదిగా రెండు చేతులూ చెవుల దాకా పోవడం లేదు, పై అరలో డబ్బా తీయాలంటే స్టూలు ఎక్కాల్సి వస్తోంది. నొప్పి పెద్దగా లేదు. భుజం ఎక్స్‌రే నార్మల్. ఫిజియో దగ్గరికి పోతే భుజం వదిలేసి వీపు పైభాగానికి కసరత్తులు ఇచ్చాడు. చెయ్యి లేవకపోతే వీపుకు చేయడం ఏంటి? టైం వేస్ట్ అవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది."

అన్నా, మిగతాది చదివే ముందు ఒక్క పని చేయండి. కుర్చీలో కూర్చుని, పీట ముందు ఎలా ఉంటారో అలాగే వీపు గుండ్రంగా వంచండి. ఆ వంపు చెదరనీయకుండా రెండు చేతులూ ముందు నుంచి పైకి ఎత్తండి. ఎక్కడ ఆగాయో గుర్తు పెట్టుకోండి. చేతులు దించి, ఇప్పుడు రొమ్ము కాస్త పైకి తెచ్చి నిటారుగా కూర్చుని మళ్లీ ఎత్తండి. రెండోసారి చేతులు ఇంకా పైకి పోతే, ఆ పెరిగినంతా ఎక్కడిదో ఆలోచించండి. మధ్యలో మీ భుజానికి ఎవరూ ఏ వైద్యమూ చేయలేదు. మారింది వీపు ఒక్కటే.

నేను కడపలో ఫిజియోథెరపిస్టుని, 19 ఏళ్లుగా ఇదే పని. మీ ఫిజియో చెప్పింది సరైన దారే అయ్యుండొచ్చు. "అయ్యుండొచ్చు" అని ఎందుకంటున్నానంటే, చెయ్యి లేవని ప్రతివాళ్లకీ వీపే కారణం కాదు. ముందు లంకె ఏంటో చెప్పి, తర్వాత మీది ఆ కోవలోదో కాదో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలో చెప్తాను.

చెయ్యి ఎత్తడం అంటే భుజం కీలు ఒక్కటే తిరగడం అనుకుంటాం. కానీ మీరు చొక్కా విప్పి, మీ భార్యనో పిల్లల్నో వెనక నిలబెట్టి, చెయ్యి మెల్లగా ఎత్తండి. వీపు మీద రెక్క ఎముక, అదే మేం స్కాపులా అనేది, చేతితో పాటు జరిగిపోతూ కనిపిస్తుంది. దాని కింది మూల చంక వైపు తిరుగుతుంది. భుజం కీలులోని గిన్నె ఈ రెక్క ఎముకకే ఉంటుంది కాబట్టి, రెక్క ఎముక తిరిగితేనే గిన్నె పైకి చూస్తుంది, గిన్నె పైకి చూస్తేనే చెయ్యి పైకి పోతుంది. లెక్కగా చెప్పాలంటే చెయ్యి ఎత్తిన మొత్తంలో సుమారు 2 వంతులు భుజం కీలుది, 1 వంతు రెక్క ఎముకది. పుస్తకాల్లో 180 డిగ్రీలు అని రాస్తారు గానీ, నేను కొలిచిన మామూలు మనుషుల్లో 160 నుంచి 170 మధ్యలోనే ఎక్కువమంది ఉంటారు.

ఇక అసలు విషయం. ఈ రెక్క ఎముక మొండేనికి కీలుతో గట్టిగా బిగించి లేదు, ముందు వైపు కాలర్ బోన్ కొసకు తప్ప. వెనక అది పక్కటెముకల గూడు మీద ఆనుకుని, కండరాల పట్టుతో జారుతూ ఉంటుంది. అంటే గూడు ఏ ఆకారంలో ఉంటే రెక్క ఎముక ఆ దారినే పోవాలి. ఆ గూడు వేలాడేది మెడ కింద నుంచి నడుం పైదాకా ఉండే 12 ఛాతీ పూసల మీద. ఆ పూసలు ముందుకు వంగి గట్టిపడితే గూడు వెనక భాగం గుండ్రమవుతుంది. ఆ గుండ్రం మీద కూర్చున్న రెక్క ఎముక కూడా ముందుకు ఒరుగుతుంది.

ఒరిగితే ఏమవుతుందంటే, భుజం పైన చేత్తో తడిమితే తగిలే గట్టి అంచు ఒకటి ఉంటుంది కదా, అది రెక్క ఎముకదే. పాత పెంకుటింటి చూరులా అది భుజం కీలు మీద ముందుకు వచ్చి ఉంటుంది. చెయ్యి పైకి పోవాలంటే ఈ చూరు వెనక్కి లేచి దారి ఇవ్వాలి. మామూలుగా చెయ్యి ఎత్తేటప్పుడు రెక్క ఎముక పైకి తిరగడమే కాకుండా, ముందుకున్న దాని పై అంచు వెనక్కి వాలుతుంది కూడా. వీపు గుండ్రంగా ఉన్నవాళ్లలో ఆ వాలడం సగంలోనే ఆగిపోతుంది. చూరు కిందకి దిగిన ఇంట్లోకి వంగి దూరినట్టు, చేతి ఎముక అక్కడే ఆగుతుంది. ఎక్స్‌రేలో ఇదేమీ కనిపించదు. ఎముకలు బాగానే ఉన్నాయి, వాటి నిలబడే తీరే బాగాలేదు.

ఇది మొదటి లంకె. రెండోది ఇంకా సూటిగా ఉంటుంది గానీ చాలామంది దీన్ని పట్టించుకోరు. రెండు చేతులూ పూర్తిగా పైకెత్తినప్పుడు ఛాతీ పూసలే వెనక్కి సుమారు 10 నుంచి 15 డిగ్రీలు నిటారవుతాయి. అంటే చెయ్యి మొండేనికి సంబంధించి ఎంత పైకి పోయిందో దానికి ఈ 10, 15 అదనంగా కలుస్తుంది. మొండెం కదలకపోతే ఆ అదనం రాదు. భుజం ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే రాదు. ఒక్క చెయ్యే ఎత్తినప్పుడు వీపు నిటారవడం కాస్త తక్కువ, దాంతో పాటు ఎత్తే చెయ్యి వైపు కొద్దిగా తిరుగుతుంది, పక్కకి వాలుతుంది. అందుకే ఒక్క చెయ్యి మాత్రమే పూర్తిగా పోనివాళ్లలో వీపు తిరిగే శక్తినీ చూడాల్సి ఉంటుంది. మీకు రెండు చేతులకూ అంటున్నారు కాబట్టి నిటారవడమే ముఖ్యం.

10, 15 డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ అర అందడం అంటే ఎత్తు లెక్క. మీ చెయ్యి భుజం నుంచి వేలి కొస దాకా 70 సెంటీమీటర్లు అనుకుందాం. 140 డిగ్రీల దగ్గర చెయ్యి ఆగితే వేలి కొస భుజం కంటే సుమారు 54 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 160 దాకా పోతే సుమారు 66. ఆ 12 సెంటీమీటర్ల తేడానే మీ పై అర. దానికి తోడు వీపు నిటారైతే భుజాలే రెండు, మూడు సెంటీమీటర్లు పైకొస్తాయి. డబ్బా చేతికందడం, స్టూలు వెతుక్కోవడం, ఈ రెండింటి మధ్య ఉన్నది ఇంతే.

ఈ విషయాన్ని ల్యాబులోనూ కొలిచారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే ఒకసారి నిటారుగా, ఒకసారి వంగి కూర్చోబెట్టి చెయ్యి పక్క నుంచి ఎత్తమంటే, వంగినప్పుడు 20 డిగ్రీలకు పైగా తగ్గింది. చెయ్యి భుజం ఎత్తులో ఉన్నప్పుడు బలం కూడా సుమారు 6వ వంతు తగ్గింది. రెక్క ఎముకను తిప్పే కండరాలు, ముఖ్యంగా వీపు మధ్య నుంచి దానిని కిందకు లాగేవీ, పక్కటెముకల మీదుగా ముందుకు లాగేవీ, వంగిన భంగిమలో సరైన కోణంలో పట్టుకోలేవు. అందుకే కొందరు "చెయ్యి పోదు" అనరు, "చెయ్యి బరువుగా ఉంది" అంటారు.

మరి ఆ పూసలు ఎందుకు అంత తొందరగా గట్టిపడతాయి? ఛాతీ పూసలు మొదటి నుంచీ పొదుపుగా కదిలేవే. వాటి వెనక ముళ్లలాంటి కొసలు పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి కిందకు వాలి ఉంటాయి. వెనక్కి వంగబోతే అవి ఒకదానికొకటి తగులుతాయి. మధ్యలో డిస్కులు పల్చగా ఉంటాయి, ప్రతి పూసకూ పక్కటెముకలు కట్టి ఉంటాయి. మెడలాగా, నడుంలాగా స్వేచ్ఛగా కదిలే భాగం కాదు అది. ఉన్నదే కొంచెం. దాన్ని రోజుకు 8 గంటలు ఒకే వంపులో 20 ఏళ్లు పెడితే, పూసల ముందు భాగంలో, పక్కటెముకల మధ్య కణజాలం అంతా ఆ పొట్టి కొలతకే అలవాటు పడుతుంది. మీలాంటి బంగారు పనివాళ్లూ, టైలర్లూ, మగ్గం గుంటలో కూర్చునే నేతగాళ్లూ, ఈమధ్య ఫోన్ చూసే పిల్లలూ, నా దగ్గరికి వచ్చేవాళ్లలో వీళ్లే ఎక్కువ.

ఒక కేసు చెప్తాను. కడపలోనే ఒక టైలరన్న, 51 ఏళ్లు, 28 ఏళ్లుగా మిషను ముందు. "సార్, గుడ్డ తాను పైన పెడదామంటే చెయ్యి ఈడికే ఆగిపోతాంది" అని తల పక్కకి చూపించాడు. అంతకుముందు వేరే చోట మూడు వారాలు భుజానికి వేడి పెట్టి, తాడు, కప్పీతో లాగించారు. లాభం లేదు.

(నేనూ మొదట్లో ఇదే తప్పు చేశాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పెద్దాయన భుజాన్ని ఆరు వారాలు తిప్పీ తిప్పీ, ఒక్క డిగ్రీ రాకపోతే ఆయనే "నాయనా, నా వీపు కూడా పట్టేసింది, చూడరాదా" అన్నాడు. ఆ రోజు సిగ్గుపడ్డాను.)

ఈ టైలరన్నను కొలిచాను. నిలబడి చెయ్యి ఎత్తితే కుడి 136, ఎడమ 140 డిగ్రీలు. కూర్చుని వీపు వంచి ఎత్తితే కుడి 115. నిటారుగా కూర్చోబెట్టి నా చేత్తో రొమ్ము ఎముకను మెల్లగా పైకి ఆనిస్తే 148. ఒక్క భంగిమ మార్పుకే 33 డిగ్రీలు. అదే నాకు మొదటి సాక్ష్యం.

రెండోది ఫ్రోజెన్ షోల్డరా, అంటే భుజం కీలే బిగుసుకుపోయిందా, కాదా అన్నది తేల్చుకోవడం. మోచెయ్యి నడుం పక్కన ఆనించి, 90 డిగ్రీలకు మడిచి, మోచెయ్యి కదలకుండా ముంజేతిని బయటికి తిప్పమన్నాను. 65 డిగ్రీలు తిరిగింది. ఫ్రోజెన్ షోల్డర్‌లో మొట్టమొదట చచ్చేది ఈ కదలికే, కాబట్టి అది కాదు. షుగర్ ఉన్నవాళ్లలో ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ, అందుకని మీకు షుగర్ ఉంటే ఈ పరీక్ష తప్పకుండా చేసుకోండి. మూడోది, ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నేనే చెయ్యి పట్టుకుని తల మీదకు తీసుకెళ్లాను. 150 దగ్గర ఆగింది. తర్వాత రెక్క ఎముకల కింద భాగానికి అడ్డంగా చుట్టిన టవల్ పెట్టి మూడు నిమిషాలు ఊపిరి పీల్చి వదలమని, మళ్లీ తీసుకెళ్తే 160. అంటే భుజం కీలులో ఆ చలనం ఉంది, వీపు దాన్ని బయటికి రానివ్వడం లేదు.

కసరత్తులు ఇచ్చాను. మూడు వారాలకు వచ్చాడు, కొలిస్తే 138. పైగా "నడుం నొప్పి పుడతాండాది సార్" అన్నాడు. ఇంట్లో ఎలా చేస్తున్నాడో చూపించమంటే అర్థమైంది. టవల్ చుట్ట రెక్క ఎముకల కింద కాదు, ఇంకా కిందకి, పక్కటెముకలు ముగిసే చోట పెట్టుకుంటున్నాడు. కాళ్లు బార్లా చాపేస్తున్నాడు. వంగుతోంది నడుం. వీపు కదలనే లేదు.

ఈ మోసం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే వీపు గట్టిపడ్డవాళ్లందరూ తెలియకుండా చేసేది ఇదే. పైన అందుకోవాలంటే శరీరం ఎక్కడ సులువుగా వంగుతుందో అక్కడే వంగుతుంది, అది నడుము. కడుపు ముందుకు వస్తుంది, పక్కటెముకల కింది అంచు పైకి లేచి బయటికి తేలుతుంది, గడ్డం ముందుకు పోతుంది. చూసేవాళ్లకు చెయ్యి బాగానే లేచినట్టు కనిపిస్తుంది. దండెం మీద చీర ఆరేసేటప్పుడు నడుం పట్టుకునే ఆడవాళ్లలో కొందరిది ఇదే కథ, నొప్పి నడుంలో, లోటు వీపులో. అందుకే కొలిచేటప్పుడు నడుం కదలకుండా కట్టడి చేయకపోతే కొలత అబద్ధం చెప్తుంది.

మీరు ఇంట్లో ఇలా కొలవండి. గోడకు వీపు ఆనించి, పాదాలు గోడకు అడుగు దూరంలో పెట్టి, మోకాళ్లు కొంచెం మడవండి. నడుం గోడకు అదిమి పెట్టండి, అరచెయ్యి మధ్యలో దూరనంతగా. మోచేతులు చాపి, బొటనవేళ్లు వెనక్కి చూసేలా పెట్టి రెండు చేతులూ పైకి ఎత్తండి. నడుం గోడను వదలబోయే క్షణంలో ఆపేయండి. అక్కడ బొటనవేలికీ గోడకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ఎవరినైనా స్కేలుతో కొలవమనండి. అరచెయ్యంత, అంటే 10 సెంటీమీటర్ల లోపు ఉంటే మీకు పెద్ద లోటు లేనట్టే. 25, 30 ఉంటే లోటు ఉంది. తర్వాత నడుం వదిలేసి ఎత్తి చూడండి. అప్పుడు ఒక్కసారిగా వేళ్లు గోడకు తగిలాయంటే, ఇన్నాళ్లూ అర అందుకున్నది నడుంతోనే. ఒక మాట, ఈ పరీక్షలో వీపు పక్కల నుంచి చంకలోకి వచ్చే పెద్ద కండరం బిగుసుకున్నా చెయ్యి ఆగుతుంది. అది కటి దగ్గర మొదలై జబ్బకు అంటుకుంటుంది కాబట్టి నడుం అదిమితే అది సాగుతుంది. అందుకే కూర్చుని చేసే మొదటి పరీక్షను దీంతో కలిపే చూడాలి.

ఆ కూర్చునే పరీక్షలో వంగినప్పుడూ నిటారైనప్పుడూ తేడా బాగా ఉంటే వీపు మాట వింటోంది, దానికి పని చేస్తే ఫలితం ఉంటుంది. ఎలా కూర్చున్నా చెయ్యి ఒక్కచోటే ఆగితే రెండు అర్థాలు. నిటారుగా కూర్చుందామన్నా వీపు కదలనంత గట్టిపడి ఉండాలి, లేదా లోటు భుజం కీలులోనే ఉండాలి. ఇంకొకటి, మీ అంతట మీరు ఎత్తితే 90 దాకానే వచ్చి, వేరేవాళ్లు ఎత్తితే తేలిగ్గా పూర్తిగా పోతే, అది బిగుసుకోవడం కాదు. భుజం కీలును చుట్టి పట్టుకునే కండరాల కొసలు, మేం రొటేటర్ కఫ్ అంటాం, తెగి ఉండొచ్చు. దానికి వీపు కసరత్తులతో పని లేదు, ఆర్థో డాక్టరుకు చూపించాలి.

టైలరన్న విషయానికి వస్తాను. టవల్ చుట్ట మందం 7, 8 సెంటీమీటర్లు ఉండేలా చేయించి, రెక్క ఎముకల కింది మూలల ఎత్తులో అడ్డంగా పెట్టించాను. మోకాళ్లు మడిచి పాదాలు నేల మీద. చేతులు తల వెనక, మెడను మోస్తూ. గడ్డం కొంచెం లోపలికి. ఊపిరి మెల్లగా వదులుతూ వీపును చుట్ట మీదుగా దించాలి, ఊపిరి పూర్తిగా పోయాక పక్కటెముకలు లోపలికి దిగినట్టు తెలుస్తుంది. అక్కడే 5, 6 ఊపిర్లు. తర్వాత చుట్టను అంగుళం పైకి జరిపి మళ్లీ, ఇంకో అంగుళం పైకి మళ్లీ. మొత్తం 5 నిమిషాలు పట్టదు. పిరుదులు నేల వదలకూడదు. నడుం పైకి లేచిపోతే కడుపు మీద ఒక చెయ్యి పెట్టి, పక్కటెముకల కింది అంచును అదిమి పెట్టుకోమన్నాను.

రెండోది మంచం సాయంతో. మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని, పిరుదులు మడమల మీద ఆనించాలి. అలా కూర్చుంటే నడుం ముందుకు వంగి తాళం పడ్డట్టు ఉంటుంది, మోసం చేయలేదు. రెండు మోచేతులూ మంచం అంచు మీద, అరచేతులు ఒకదానికొకటి ఆనించి, ఊపిరి వదులుతూ రొమ్మును నేల వైపు దించాలి. 8 నుంచి 10 సార్లు. వీపు పైభాగం మధ్యలో, చంకల కింద లాగినట్టు తెలియాలి. భుజం ముందు వైపు గుచ్చినట్టు ఉంటే తక్కువ దించండి.

మూడోది వదిలేవాళ్లే ఎక్కువ. వీపు వదులైంది కదా అని అక్కడితో ఆగిపోతారు, వారంలో మళ్లీ మొదటికి. వచ్చిన చలనాన్ని కండరం వాడుకోవాలి. గోడకు ఎదురుగా నిలబడి, మోచేతి నుంచి చెయ్యి అంతా గోడకు ఆనించి, పైకి జార్చుకుంటూ పోవాలి. ఇంక పోదు అన్నచోట రెండు చేతులనూ గోడ నుంచి అంగుళం వెనక్కి లేపి, మూడు లెక్కపెట్టి ఆనించాలి. ఇక్కడ కూడా నడుం వంచితే లాభం లేదు. 10 సార్లు చొప్పున రెండు విడతలు. ఈ ఆఖరి అంగుళమే రెక్క ఎముకను వెనక్కి వాల్చే కండరాలకు పని చెప్పేది.

ఇవన్నీ రోజుకు ఒకసారి, వారానికి 6 రోజులు చేశాడు. 6వ వారానికి 148, 10వ వారానికి 155. గోడ మీద వేలి గుర్తు పెన్సిలుతో పెట్టుకున్నాడు, మొదటి గుర్తుకీ ఆఖరి గుర్తుకీ తేడా 14 సెంటీమీటర్లు. 155 దగ్గర ఆగిపోయింది, ఇంకో నెల చేసినా పెరగలేదు. ఆ వయసులో, అన్నేళ్ల పని తర్వాత పూసల ఆకారంలోనే కొంత వంపు స్థిరపడి ఉంటుంది, దాన్ని ఏ కసరత్తూ తిరిగి రాబట్టదు. తానులు పైన పెట్టుకోవడానికి 155 చాలు, ఆయన సంతోషంగానే ఉన్నాడు.

వీపు నొక్కి "టక్" మనిపించుకుంటే ఒక్కరోజులో పోతుంది కదా అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అలా చేస్తే అప్పటికప్పుడు కొన్ని డిగ్రీలు పెరగడం నేనూ చూశాను, తేలిగ్గా ఉందని మనిషి మురిసిపోవడమూ చూశాను. మర్నాడు కొలిస్తే చాలావరకు పాత అంకే. కసరత్తుకు ముందు దారి తీయడానికి పనికొస్తుంది గానీ, దానికి బదులు కాదు.

ఇంకో తప్పుడు లెక్క కూడా ఉంది. గూని ఉంది కాబట్టి భుజం నొప్పి వస్తుంది, గూని సరిచేస్తే నొప్పి పోతుంది అని చాలామంది ఫిజియోలు కూడా అంటారు. వీపు వంపు చెయ్యి ఎత్తే మేరను తగ్గిస్తుందన్న మాటకు ఆధారం గట్టిగా ఉంది. నొప్పికి ఆ వంపే కారణమన్న మాటకు అంత ఆధారం లేదు. గూని బాగా ఉండి భుజం నొప్పి అన్నదే ఎరగని ముసలివాళ్లు మన ఊళ్లలో కావలసినంతమంది. మీకు నొప్పి పెద్దగా లేదు, ఉన్నది ఎత్తు లోటే కాబట్టి మీ విషయంలో వీపు కసరత్తులు సరైన చోట పడుతున్నాయి.

ఎవరు ఈ టవల్ చుట్ట జోలికి పోకూడదో కూడా చెప్పాలి, ఇది చదివి ఇంట్లో పెద్దవాళ్లతో చేయిస్తారేమో. 60 దాటి, ఎత్తు తగ్గిపోతూ గూని పెరుగుతున్న ఆడవాళ్లలో పూసలు బోలుగా అయి నలిగిపోయి ఉండొచ్చు. జేజిని చుట్ట మీద పడుకోబెట్టకండి. ముందు ఎక్స్‌రే, తర్వాతే ఏదైనా. 20, 30 ఏళ్ల కుర్రవాళ్లలో తెల్లారి లేవగానే అరగంటకు పైగా వీపు, నడుం బిగుసుకుని, నడిస్తే తేలికపడి, ఇది మూడు నెలలకు మించి సాగుతుంటే అది కూర్చోవడం వల్ల వచ్చింది కాకపోవచ్చు, కీళ్లవాతం డాక్టరుకు చూపించాలి. ఇంకోటి మన సీమకు సంబంధించింది. అనంతపురం జిల్లాలో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు వెన్నుపూసల కట్లు ఎముకలా గట్టిపడతాయి, మెడ తిప్పలేరు, వీపు పలకలా ఉంటుంది. ఆ వీపు కసరత్తుకు కదలదు. మీ కుటుంబంలో ఇంకొకరికి కూడా ఇలా ఉంటే నీళ్ల సంగతి ఆలోచించి, డాక్టరుకు ఆ మాట చెప్పండి.

మీ పని దగ్గరికి వస్తే, నేల మీద పీట ముందు కూర్చుంటే వస్తువు ఒళ్లో ఉంటుంది, కళ్లు దాని దగ్గరికి పోవాలి, వీపు వంగక తప్పదు. బంగారు పనికి ఇప్పుడు చేయించే ఎత్తు బల్లలు రొమ్ము ఎత్తులో ఉండేది ఇందుకే, కళ్లు వస్తువు దగ్గరికి పోకుండా వస్తువే కళ్ల దగ్గరికి వస్తుంది. కొత్త బల్ల ఇప్పుడే చేయించలేకపోతే ఉన్న పీట కింద రెండు ఇటుకలు వేసి, మోచేతులు ఆనించుకునేలా చూడండి. రోజంతా నిటారుగా కూర్చోమని నేను చెప్పను, ఎవరి వల్లా కాదు. అరగంటకోసారి లేచి, కుర్చీలో కూర్చుని, చేతులు తల వెనక పెట్టుకుని, కుర్చీ వీపు పైఅంచు మీదుగా నాలుగు సార్లు వెనక్కి వాలండి. కుర్చీ అంచు రెక్క ఎముకల కింద తగలాలి, నడుంకు కాదు.

మీ ఫిజియో ఇచ్చిన కసరత్తులు ఇలాంటివే అయితే ఆపకండి. ఈ రోజే గోడ పక్కన నిలబడి వేలి కొస ఎక్కడికి అందుతోందో గీత గీసి, పక్కన తారీఖు రాయండి, గోడ పరీక్షలో బొటనవేలి ఖాళీ ఎంతో కూడా రాయండి. మూడు వారాల తర్వాత అదే టైంకి, అదే విధంగా కొలవండి. ఖాళీ రెండు, మూడు సెంటీమీటర్లైనా తగ్గకపోతే ముందు చుట్ట ఎక్కడ పెడుతున్నారో, నడుం లేస్తోందేమో ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసి మీ ఫిజియోకు చూపించండి. చేసే తీరు సరిగ్గానే ఉండి ఆరు వారాలకు కూడా గీత కదలకపోతే, మోచెయ్యి పక్కన పెట్టి బయటికి తిప్పే పరీక్ష మళ్లీ చేయించుకుని, అప్పుడు భుజం వైపు తిరగమని అడగండి.